ఆరో నెలలో ఇల్లు ఎక్కడుంది?

అరవై లక్షలతో ఏడాదిలో రెండంతస్తుల ఇల్లు కట్టాలని ఒకాయన ముగ్గు పోశాడనుకుందాం. ఆరు నెలలు గడిచాయి. వేసుకున్న ప్లాను ప్రకారం ఈపాటికి 30 లక్షలు ఖర్చు కావాలి. పాస్‌బుక్ తీసి చూస్తే 28 లక్షలే అయ్యాయి. రెండు లక్షలు మిగిలాయని ఇంటాయన సంబరపడ్డాడు. ఆ సాయంత్రం సైటుకు వెళ్తే పడింది ఒక్క స్లాబే. ప్లాను ప్రకారం ఆరో నెలాఖరుకు రెండోది కూడా పడి ఉండాలి.

డబ్బు ఎంత పోవాలి, ఎంత పోయింది అనే రెండు అంకెలతో ఇంటి సంగతి తెలియదు. ఆ డబ్బుకు ఎంత పని వచ్చిందన్న మూడో అంకె కావాలి. పెద్ద ప్రాజెక్టుల్లో దాన్ని ఎర్న్‌డ్ వాల్యూ అంటారు. మనం అయిన పని విలువ అందాం. 1967లో అమెరికా రక్షణ శాఖ తన పెద్ద కాంట్రాక్టర్లు ఈ లెక్క ఎలా చూపాలో 35 నిబంధనలు పెట్టింది. మన దగ్గర ఇంటి రుణం ఇచ్చే బ్యాంకు కూడా పునాది అయిందా, స్లాబ్ పడిందా అని చూసుకునే విడతల డబ్బు వదులుతుంది. ఆలోచన అదే.

అయిన పని విలువ కట్టడానికి ఒకే సూత్రం ఉంది. ఆ పనికి మొదట్లో మనం ఎంత అనుకున్నామో అంతే లెక్కలోకి వస్తుంది, నిజంగా ఎంత ఖర్చయినా సరే. ఈ ఇంటికి పునాది 10 లక్షలు, కింది పిల్లర్లు 4, మొదటి స్లాబ్ 7, పై పిల్లర్లు 3, రెండో స్లాబ్ 6 అని రాసుకున్నారు. గోడలు, ప్లాస్టరింగ్, వైరింగ్, టైల్స్, రంగులు కలిపి మిగతా 30. ఇప్పటికి పునాది, కింది పిల్లర్లు, మొదటి స్లాబ్ పూర్తయ్యాయి కాబట్టి 10, 4, 7 కలిపి 21 లక్షల పని అయింది. పై పిల్లర్లకు చువ్వలు కట్టడం మొదలైనా దానికి ఇంకా ఏమీ వేయలేదు. ఇక్కడ కటువుగా ఉండాలని నా పట్టుదల. ‘తొంభై శాతం అయిపోయింది సార్’ అనే మాట నెలల తరబడి తొంభై దగ్గరే ఆగిపోవడం సైట్లు తిరిగిన ప్రతివాడికీ తెలుసు. పని ముగిస్తేనే విలువ ఇస్తే ఆ మాటకు లెక్కలో చోటుండదు.

ఇక 21ని 28తో భాగిస్తే 0.75. ఇదే వ్యయ సూచిక, రిపోర్టుల్లో సీపీఐ. పెట్టిన ప్రతి రూపాయికీ ముప్పావలా పని వచ్చిందన్నమాట. ఒకటి వస్తే అనుకున్నట్టే సాగుతోంది, పైన ఉంటే మిగులు, కింద ఉంటే లోటు.

భయపడే ముందు ఆ 28ని ఒకసారి తట్టి చూడాలి. ఖర్చు లెక్కలో అయిన పనికి పడిన ఖర్చే ఉండాలి. రెండో స్లాబ్ కోసం మూడు లక్షల స్టీలు ముందే కొని షెడ్డులో పెట్టి ఉంటే, దాని పని ఇంకా కాలేదు కనుక ఖర్చు 25గా తీసుకోవాలి. అప్పుడు సూచిక 0.84కు లేస్తుంది. అలాగే సెంట్రింగ్ మేస్త్రీకి ఇవ్వాల్సిన బిల్లు బాకీ ఉంటే, పాస్‌బుక్‌లో కనిపించకపోయినా అది ఖర్చే. దాన్ని కలిపితే సూచిక ఇంకా దిగుతుంది. ఈ రిపోర్టులు తప్పేది ఎక్కువగా ఇక్కడే, భాగహారంలో కాదు. మన ఇంట్లో ముందుగా కొన్న సరుకూ లేదు, బాకీలూ లేవనుకుని ముందుకు వెళ్దాం.

ఆలస్యానికి రెండో సూచిక ఉంది. అయిన 21 లక్షల పనిని, ఈపాటికి కావాల్సిన 30 లక్షల పనితో భాగిస్తే 0.70. దీన్ని ఎస్పీఐ అంటారు. ఇది కాలాన్ని కూడా రూపాయల్లోనే కొలుస్తుంది, అందుకే దీనికో లోపం ఉంది. ఇల్లు ఎంత ఆలస్యంగా పూర్తయినా, పూర్తయిన రోజున 60 లక్షల పనీ అయిపోతుంది. అరవైని అరవైతో భాగిస్తే ఒకటి. ఆరు నెలలు ఆలస్యమైన ఇల్లు కూడా చివర్లో సమయానికి అయినట్టు కనిపిస్తుంది. 2003లో వాల్ట్ లిప్కీ అనే అమెరికన్ దీనికి సులువైన దారి చూపాడు: ఇప్పుడున్న పని ప్లాను ప్రకారం ఎప్పటికి కావాలో చూడమన్నాడు. మన ప్లానులో మొదటి స్లాబ్ నాలుగో నెలాఖరుకు. ఆరు నెలలు గడిచి నాలుగు నెలల పనే అయింది. ఇదే నడకైతే 12 నెలల ఇల్లు 18 నెలలు పడుతుంది.

ఈ రెండు సూచికలూ ఏ పని వల్ల ఏది ఆగిందో చెప్పవు. స్లాబ్ ఆగిపోయి ఉండగా ప్రహరీ గోడ ముందే కట్టేస్తే ఎస్పీఐ పెరుగుతుంది, గృహప్రవేశం మాత్రం ఒక్క రోజు కూడా ముందుకు జరగదు.

చివరికి ఇంటాయన అడిగే ప్రశ్న ఒకటే, మొత్తం ఎంతవుతుంది? మొదటి జవాబు అరవైని 0.75తో భాగించడం: 80 లక్షలు. రాబోయే పని కూడా ఇలాగే సాగుతుందని దీని ఊహ. కానీ పునాదిలో నల్లరేగడి తగిలి లోతుగా తవ్వాల్సి వచ్చి, ఖర్చంతా అక్కడే పెరిగిందనుకోండి. అది మళ్లీ రాదు. అప్పుడు అయిన 28కి మిగిలిన 39 లక్షల పనిని అనుకున్న ధరకే కలిపితే 67. అలా కాక సిమెంటు ధర, కూలీ రేటు పెరిగి ఉంటే, అవి గోడలనూ ప్లాస్టరింగునూ వదలవు. అక్కడ 80 నిజానికి దగ్గర. అందుకే అదనపు ఖర్చు ఏ పనిలో పడిందో విడివిడిగా చూడకుండా 67 అనే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

అరవైలోనే ముగించేస్తానని మేస్త్రీ ధీమాగా చెబితే మరో లెక్క ఉంది. మిగిలిన పని 39 లక్షలది, చేతిలో మిగిలిన డబ్బు 32. ఇకపై ప్రతి రూపాయికీ దాదాపు 1.22 రూపాయల పని రావాలి. ఇప్పటిదాకా వచ్చింది ముప్పావలా. ఏం మారితే అది సాధ్యమో ఆయన చెప్పగలగాలి.

ఇలాంటి ధీమాకు ఖరీదైన ఉదాహరణ అమెరికా నౌకాదళం తలపెట్టిన ఏ-12 యుద్ధవిమానం. పని జరిగిన తీరు ఖర్చు బాగా పెరుగుతుందని చూపుతున్నా, పైవాళ్లకు వెళ్లిన అంచనాలు ఆశతో నిండి ఉన్నాయని 1990లో నౌకాదళమే జరిపిన విచారణ తేల్చింది. 1991 జనవరిలో ఆ ప్రాజెక్టును రద్దు చేశారు. తర్వాత డేవిడ్ క్రిస్టెన్సెన్ అనే పరిశోధకుడు అక్కడి రక్షణ కాంట్రాక్టులను పరిశీలించి, పని ఐదో వంతు దాటాక సీపీఐ 0.10 కంటే ఎక్కువగా మారడం అరుదని చూపాడు. చిన్న ప్రాజెక్టులన్నిటికీ ఈ సూత్రం వర్తించదని తర్వాతివాళ్లు అభ్యంతరం చెప్పారు, నేనూ దాన్ని ఇంటికి నేరుగా అంటగట్టను. అయినా మన ఇల్లు మూడో వంతు దాటింది, ముప్పావలా అంకెను తీసిపారేయడానికి గట్టి కారణమే కావాలి.

ఆరో నెలలోనే ఈ లెక్క చూస్తే ఇంటాయన చేతిలో ఇంకా దారులున్నాయి. పై పిల్లర్లలో కాంక్రీటు పడలేదు. టైల్స్, తలుపుల చెక్క ఆర్డరు ఇవ్వలేదు. పై అంతస్తును వాయిదా వేయాలా, బ్యాంకును మరో ఇరవై లక్షలు అడగాలా అని ఈ వారమే కూర్చుని తేల్చుకోవచ్చు. పదో నెలలో గోడలు లేచాక ఇదే లెక్క వేస్తే, అడగడానికి బ్యాంకు ఒక్కటే మిగులుతుంది.