గేమింగ్ టీవీ కొనేముందు వెనక పోర్టులు చూడండి

క్రికెట్ గేమ్‌లో బంతి పిచ్ మీద పడగానే బటన్ నొక్కుతారు. అయినా బ్యాట్ కదిలేసరికి బంతి కీపర్ చేతిలో ఉంటుంది. చాలాసార్లు తప్పు ఆడేవారిది కాదు, టీవీది. కన్సోల్ పంపిన బొమ్మ తెర మీదికి రావడానికి టీవీ తీసుకునే సమయాన్నే ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు.

సినిమా, సీరియల్ చూసేటప్పుడు టీవీ ప్రతి ఫ్రేమ్‌నూ మెరుగులు దిద్ది చూపిస్తుంది. కదలికలు నునుపుగా కనిపించాలని, తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ముందుదాన్ని ఆపి, రెంటి మధ్యా కొత్త ఫ్రేమ్‌లు కల్పిస్తుంది. ఈ పనుల వల్ల ఆలస్యం కొన్ని టీవీల్లో 100 మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌ల ఆటలో అది ఆరు ఫ్రేమ్‌లు వెనకబడటం! గేమ్ మోడ్ పెడితే టీవీ ఈ మెరుగులన్నీ పక్కనపెడుతుంది. మంచి టీవీలో ఆలస్యం 10, 15 మిల్లీసెకన్లకు దిగుతుంది. ఏఎల్ఎల్ఎమ్ అనే సదుపాయం ఉంటే, ఆట మొదలవగానే టీవీ తనంతట తానే ఆ మోడ్‌లోకి వెళుతుంది.

అసలు చిక్కు 120 ఫ్రేమ్‌ల దగ్గర వస్తుంది. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 4కెలో సెకనుకు 120 ఫ్రేమ్‌లు పంపగలవు. పాత హెచ్‌డీఎమ్ఐ 2.0 పోర్టు 4కెలో 60తోనే ఆగిపోతుంది. కాబట్టి 2.1 పోర్టు కావాలి. కానీ పెట్టె మీద 2.1 అని ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. 2.1 ప్రమాణంలోని చాలా సదుపాయాలు ఐచ్ఛికమే కనుక, అవేవీ లేని టీవీకి కూడా ఆ ముద్ర పడవచ్చు. స్పెసిఫికేషన్లలో '4K 120Hz' అని పోర్టు నంబరుతో సహా రాసి ఉందో లేదో చూసుకోవాలి. ప్యానెల్ కూడా 120 హెర్ట్‌జ్‌దే కావాలి. 'మోషన్ రేట్' వంటి పేర్లతో కనిపించే పెద్ద అంకెలు ప్యానెల్ వేగం కావు.

పోర్టుల లెక్క కూడా ముఖ్యమే. నాలుగు పోర్టులున్న చాలా టీవీల్లో 120 హెర్ట్‌జ్‌వి రెండే ఉంటాయి. వాటిలో ఒకటే తరచూ ఈఆర్క్ పోర్టు కూడా. సౌండ్‌బార్ దానికి తగిలిస్తే కన్సోల్‌కు మిగిలేది ఒక్కటే. రెండు కన్సోళ్లున్న ఇంట్లో ఇది తగవే!

ఆట బరువెక్కినప్పుడు ఫ్రేమ్‌లు 120 నుంచి 80కి పడిపోతే తెర మీద బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. టీవీ తన వేగాన్ని ఆటకు తగ్గట్టు మార్చుకునే వీఆర్ఆర్ దీనికి మందు. ప్లేస్టేషన్ 5కు ఇది 2022 ఏప్రిల్ అప్‌డేట్‌తో వచ్చింది.

కొన్నాక పరీక్షించడం తేలిక. ఎక్స్‌బాక్స్ సెట్టింగుల్లో '4K TV details' తెరిస్తే, ఆ టీవీ ఏవి చేయగలదో టిక్కులతో చూపిస్తుంది. 120 దగ్గర టిక్కు లేకపోతే ముందు కేబుల్ కన్సోల్‌తో వచ్చినదేనా, సరైన పోర్టులోనే ఉందా, టీవీ సెట్టింగుల్లో ఆ పోర్టుకు 'ఎన్‌హాన్స్‌డ్' వంటి ఎంపిక ఆన్ చేశారా అన్నవి చూడాలి.

120 ఫ్రేమ్‌ల మోడ్ ఉన్న ఆటలు ఇప్పటికీ కొన్నే. వాటిలోనూ చాలావరకు ఆ వేగం కోసం బొమ్మ స్పష్టతను తగ్గిస్తాయి. బడ్జెట్ తక్కువైతే 60 హెర్ట్‌జ్ టీవీ అయినా ఫరవాలేదు, గేమ్ మోడ్‌లో ల్యాగ్ తక్కువున్నదే కొనుక్కోవాలి.