అంచెలు తగ్గితే ఫైలు పరుగెత్తుతుందా?

ఒక సంస్థలో ఎన్ని అంచెలు ఉండాలన్నది ఎవరూ విడిగా కూర్చుని నిర్ణయించరు. ఒక్కో అధికారి కింద నేరుగా ఎంతమంది పనిచేస్తారన్నది ఖరారైతే, అంచెల లెక్క దానంతటదే తేలుతుంది. మేనేజ్‌మెంట్ పుస్తకాలు ఈ సంఖ్యను పర్యవేక్షణ పరిధి అంటాయి. అడుగున 729 మంది ఉద్యోగులున్న ఒక సంస్థను ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. ముగ్గురికి ఒక అధికారి చొప్పున పెడితే వాళ్లపైన 243 మంది సూపర్‌వైజర్లు కావాలి. వాళ్లపైన 81, ఆపైన 27, తర్వాత 9, తర్వాత 3, చివరికి ఒకరు. మొత్తం ఏడు అంచెలు, 364 మంది అధికారులు. అదే తొమ్మిది మందికి ఒకరు చొప్పున పెడితే 81, తర్వాత 9, తర్వాత ఒకరు. అంచెలు నాలుగే, అధికారులు 91 మందే. మొదటిది నిలువు నిర్మాణం, రెండోది బల్లపరుపు నిర్మాణం. 273 మంది అధికారుల జీతాలు మిగులుతాయి కనుక, ఖర్చు తగ్గించుకోవాలనుకునే ప్రతి యాజమాన్యం కన్నూ ముందు పడేది రెండోదాని మీదే. ఆదా మాట నిజమే. దాంతోపాటు నిర్ణయాలూ వేగంగా వస్తాయన్న హామీ ఒకటి వినిపిస్తుంటుంది. తరచి చూడాల్సింది దాన్ని.

నిలువు నిర్మాణంలో ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలియాలంటే సచివాలయం ఫైలును మించిన ఉదాహరణ లేదు. అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ నోట్ రాసి పుటప్ చేస్తారు. అది సెక్షన్ ఆఫీసర్, అసిస్టెంట్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, ప్రిన్సిపల్ సెక్రటరీల మీదుగా మంత్రి దాకా వెళ్తుంది. ఒక్కో బల్ల దగ్గర దాన్ని చదివి సంతకం పెట్టడానికి పట్టేది చాలాసార్లు పది నిమిషాలే. మిగతా కాలమంతా తన వంతు కోసం ఆ బల్ల మీద పడి ఉండటంలోనే గడిచిపోతుంది. పైనున్నవారు ‘ఓసారి మాట్లాడండి’ అని రాస్తే ఫైలు మళ్లీ కిందికి దిగి, వివరణతో మళ్లీ అన్ని మెట్లూ ఎక్కుతుంది. మధ్యలో ఇద్దరో ముగ్గురో కొత్తగా ఒక్క మాటైనా చేర్చకుండా పొడి సంతకం మాత్రమే పెడుతున్నారంటే, ఆ అంచెలు పనికోసం కాక అలవాటుకొద్దీ నిలిచాయని పోల్చుకోవచ్చు. 2021లో కేంద్ర ప్రభుత్వం తన శాఖల్లో ఫైలు నాలుగు అంచెలకు మించి తిరగకూడదన్న పద్ధతిని ముందుకు తెచ్చింది ఇందుకే.

అంచెలు తగ్గిస్తే ఈ నిరీక్షణ తప్పాలి. కానీ అది మాయమవదు, చోటు మారుతుంది. పైన చెప్పుకున్న సంస్థలోనే ఒక్కో ఉద్యోగి రోజుకు నాలుగు విషయాలను పై అధికారి ముందు పెడతాడనీ, ఒక్కోటి తేల్చడానికి 20 నిమిషాలు పడుతుందనీ అనుకుందాం. ముగ్గురున్న అధికారికి రోజుకు 12 విషయాలు, అంటే నాలుగు గంటల పని. తొమ్మిది మంది ఉన్న అధికారికి 36 విషయాలు, అంటే 12 గంటల పని. ఆఫీసు నడిచేది ఎనిమిది గంటలు. ఆయన తేల్చగలిగేవి 24, రోజూ 12 మిగిలిపోతాయి. 25 పనిదినాలు గడిచేసరికి 300 విషయాలు పేరుకుపోయి, ఆ రోజు కొత్తగా వచ్చిన కాగితం పన్నెండు రోజులకు పైగా వంతు కోసం కాచుకోవాలి. నిలువు నిర్మాణంలో ఒక్కో మెట్టు మీద ఒక రోజు చొప్పున ఆగినా ఆరు రోజుల్లో పైకి చేరేది, బల్లపరుపు సంస్థలో మొదటి మెట్టు మీదే అంతకు రెట్టింపు కాలం ఆగిపోతుంది.

బయటపడే దారి ఒక్కటే. ప్రతి ఉద్యోగీ తన నాలుగు విషయాల్లో రెండింటిని తానే తేల్చుకోగలిగితే, అధికారి ముందుకు వచ్చేవి 18, పట్టేది ఆరు గంటలు. అప్పుడు క్యూ పెరగదు. కనుక అసలు ప్రశ్న అంచెలెన్ని అన్నది కాదు, ఏ మొత్తం వరకు, ఏ విషయం మీద ఎవరు సంతకం పెట్టవచ్చన్నది. సంతకం పెట్టే అధికారం కిందికి దించకుండా మధ్య అధికారుల్ని మాత్రం తీసేసిన సంస్థను గుర్తుపట్టడం కష్టం కాదు: పెద్దాయన గది బయట ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు, ఆయన ఊళ్లో లేకపోతే పనులు ఆగిపోతాయి.

ఈ సంగతిని ప్రయోగశాలలో పరీక్షించి చూసినవారున్నారు. అమెరికాలో రోకో కార్జో, జాన్ యానూజాస్ అనే ఇద్దరు పరిశోధకులు 15 మంది చొప్పున బృందాలు కట్టి, మార్కెట్‌కు సంబంధించిన నిర్ణయాలు తీసుకునే పని ఇచ్చారు. కొన్ని బృందాల్లో ఒక అధ్యక్షుడి కింద 14 మందీ నేరుగా పనిచేశారు. మిగతావాటిలో ఒక్కొక్కరి కింద ఇద్దరేసి చొప్పున నాలుగు అంచెలు పేర్చారు. 1969లో ప్రచురించిన ఫలితం చాలామంది ఊహకు అందనిది. నిర్ణయానికి పట్టిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంచెలున్న చోట కాగితం మెట్లెక్కడానికి పట్టిన కాలం, అంచెల్లేని చోట అందరినీ ఒక మాట మీదికి తేవడానికి పట్టింది. పైగా లాభాల విషయంలో నిలువు బృందాలే మెరుగ్గా నిలిచాయి. ఒక్కో మెట్టు దగ్గర నిర్ణయం మరోసారి జల్లెడ పట్టినట్టయిందని పరిశోధకులు భావించారు. చిన్న బృందాలతో, కృత్రిమమైన పనితో చేసిన పరీక్ష కనుక దాన్ని వేల మంది ఉన్న సంస్థకు ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. అయినా ‘అంచెలు తక్కువైతే వేగం ఎక్కువ’ అనేదాన్ని సూత్రంగా వల్లించేవారికి అది పెద్ద అడ్డు.

గూగుల్ అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. 2002లో వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇంజినీరింగ్ విభాగంలో మేనేజర్లనే ఎత్తేశారు. కాలేజీ వాతావరణంలా ఉంటే ఆలోచనలు త్వరగా పండుతాయన్నది ఆశ. ఆ ప్రయోగం కొన్ని నెలలే సాగింది. ఖర్చుల బిల్లులు, ఉద్యోగుల మధ్య తగాదాలు నేరుగా పేజ్ దగ్గరికే రావడం మొదలయ్యాయి. మధ్య మేనేజర్ చేసే పనిలో సగం ఇలాంటిదేనని, అది ఎవరికీ కనిపించదని, ఆ కుర్చీ ఖాళీ అయ్యాక గాని తెలియలేదు. తర్వాతి కాలంలో అదే సంస్థ ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ పేరుతో తన దగ్గరున్న సమాచారంతోనే మంచి మేనేజర్ వల్ల కలిగే ప్రయోజనాన్ని లెక్కగట్టింది.

మరో తిరకాసు కూడా ఉంది. తర్వాత రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయిన రఘురామ్ రాజన్, జూలీ వుల్ఫ్‌తో కలిసి 300కు పైగా పెద్ద అమెరికన్ కంపెనీల నిర్మాణాన్ని పరిశీలించారు. 1986 నుంచి పుష్కర కాలానికి పైగా సాగిన మార్పులవి. సీఈఓ కింద నేరుగా ఉండే పదవులు సగటున నాలుగు నుంచి ఏడుకు పెరిగాయి. ఆయనకూ విభాగాధిపతులకూ మధ్య అంచెలు పావు వంతుకు మించి తగ్గాయి. దీన్ని అధికారం కిందికి దిగడంగానే చాలామంది చదివారు. వుల్ఫ్ తర్వాత మరింత లోతుగా చూసినప్పుడు వేరే బొమ్మ కనిపించింది. మధ్యలో ఉన్నవారు పోయాక పై మనిషి విభాగాల పనిలోకి మరింత దిగాడు, నిర్ణయాలు తన దగ్గరికే లాక్కున్నాడు. పటం మీద బల్లపరుపుగా కనిపించేది లోపల మునుపటికన్నా కేంద్రీకృతం కావచ్చు.

సమాచారం విషయంలో బల్లపరుపు నిర్మాణానికి స్పష్టమైన మేలు ఉంది. ఒక్కో మెట్టు దాటినప్పుడు కబురులో పదో వంతు జారిపోతుందని లెక్కకు అనుకుంటే, ఆరు మెట్లు దాటేసరికి సుమారు 53 శాతం మిగులుతుంది, మూడు మెట్లయితే 73 శాతం. నిజంలో జారిపోయేది అన్ని కబుర్లలోనూ ఒకేలా ఉండదు. మంచి కబురు చెక్కుచెదరకుండా పైకి పోతుంది, చెడ్డ కబురుకే ప్రతి మెట్టు దగ్గరా కాస్త పూత పడుతుంది. ‘మిషన్ ఆగిపోయింది’ అన్నది ‘చిన్న సమస్య ఉంది’గా, ఆపైన ‘చర్యలు తీసుకుంటున్నాం’గా మారుతుంది. ఎవరూ అబద్ధమాడరు, తన మీద మచ్చ పడకుండా ఒక్కొక్కరూ ఒక్క మాట మెత్తబరుస్తారంతే. ఒకే పని ఎంతవరకు వచ్చిందని అడుగు ఉద్యోగినీ, పెద్ద అధికారినీ విడివిడిగా అడిగి, వచ్చిన జవాబులు పక్కపక్కన పెడితే ఆ పూత మందం తెలిసిపోతుంది.

అంచెలు తగ్గిస్తే నిలువు దూరం తగ్గి, అడ్డంగా చిక్కుముడి పెరుగుతుంది. 1933లో గ్రైకూనాస్ అనే నిపుణుడు ఒక అధికారి కింది మనుషుల మధ్య ఏర్పడగల సంబంధాలను లెక్కించే సూత్రం ఇచ్చాడు. విడివిడి వ్యక్తులే కాక, వాళ్లు కలిసే గుంపులన్నీ అందులో లెక్కకొస్తాయి. ముగ్గురుంటే 18 సంబంధాలు, తొమ్మిది మందికి 2376. ఇవన్నీ రోజూ పనిచేసేవి కావు కనుక ఆ అంకెకు మరీ బెదిరిపోనక్కర్లేదు. కానీ ఎవరు ఎవరికి చెప్పాలో రాసిపెట్టి లేని చోట, బాగా మాట్లాడగలవారో, పాతకాపులో, పెద్దాయనతో టీ తాగేవారో అనధికార పెత్తందార్లవుతారు. పదవి ఉన్న అధికారి మీద ఫిర్యాదు చేయవచ్చు. పదవి లేని పెత్తందారు మీద ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

ఒకే రకమైన పని, స్పష్టమైన కొలతలు ఉన్న చోట, ఉదాహరణకు కాల్ సెంటర్‌లో, ఒకరి కింద ఇరవై మంది ఉన్నా ఇబ్బంది రాదు. ప్రతి కేసూ కొత్తదిగా ఉండి, పక్కవారితో సంప్రదిస్తే గాని తెగని పనిలో ఏడెనిమిది మందే ఎక్కువవుతారు.

ప్రమోషన్ల దగ్గర మాత్రం లెక్క ఎటూ వంగదు. ఒక్కో అధికారి కుర్చీ సగటున పదేళ్లకోసారి ఖాళీ అవుతుందనీ, ఖాళీలన్నీ కిందివారితోనే నింపుతారనీ అనుకుందాం. నిలువు సంస్థలో 364 కుర్చీల్లో ఏటా 36 ఖాళీ అవుతాయి, గొలుసుకట్టుగా అన్నీ నిండేసరికి అడుగు నుంచి 36 మంది పైకి వస్తారు. 729 మందికి అది ఏడాదికి ఐదు శాతం. సుమారు ఇరవై ఏళ్లలో ఒకరి వంతు. బల్లపరుపు సంస్థలో ఖాళీలు తొమ్మిదే, ఆ లెక్కన వంతు వచ్చేది ఎనభై ఏళ్లకు. అంటే ఎక్కువమందికి ఎప్పటికీ రాదు. ఆపైన ఒకేసారి తొమ్మిది మందిని చూడాల్సిన మొదటి పదవి, ముగ్గురిని చూసేదానికన్నా చాలా పెద్ద గెంతు. నిలువు సంస్థలో కొత్త అధికారి ముగ్గురితో మొదలుపెట్టి చేయి తిప్పుకునేవాడు, ఇక్కడ ఆ వీలు లేదు.

ఈ లోటు తీర్చడానికి పదవి మారకుండా జీతం పెంచడమన్నది ఒక పద్ధతి. తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకు, టీచర్లకు బాగా తెలిసిన ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ ఇలాంటిదే: ప్రమోషన్ రాకపోయినా 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసుకు జీతం పెరుగుతుంది, చేసే పని మాత్రం పాతదే. రెండో పద్ధతి సాఫ్ట్‌వేర్ కంపెనీలది. మనుషుల్ని పర్యవేక్షించే నిచ్చెన పక్కనే సాంకేతిక నిపుణుల కోసం మరో నిచ్చెన వేసి, రెంటికీ సమాన జీతం, సమాన హోదా ఇస్తామంటారు. ఐబీఎం ఫెలో అన్న గౌరవం ఆ బాటలో వచ్చిందే. ఈ రెండో నిచ్చెన నిలవాలంటే దాని పై మెట్టు మీదున్న నిపుణుడు కాదన్న డిజైన్ ఆగిపోవాలి. అలా ఆగని చోట చురుకైన ఇంజినీర్లు కొన్నాళ్లకు కొలవాల్సింది కొలుచుకుని, మేనేజర్ కుర్చీకే దరఖాస్తు పెట్టుకుంటారు, లేదంటే ఆ కుర్చీలు ఎక్కువున్న కంపెనీకి వెళ్లిపోతారు.