నెలనెలా జారిపోయే డబ్బు

ఫోన్‌పే, గూగుల్ పే హిస్టరీని పదమూడు నెలల వెనక్కి జరుపుతూ స్క్రీన్‌షాట్లు తీయండి. మూడు నెలలతో సరిపెడితే ఏడాదికోసారి కట్ అయ్యే చందా కనబడదు. పేరు కన్నా మొత్తాన్ని చూడటం మేలు. సినిమాల యాప్ డబ్బు దాని మాతృసంస్థ పేరుతోనో, మధ్యవర్తి పేమెంట్ కంపెనీ పేరుతోనో పోతుండవచ్చు. ఒకే మొత్తం ఇంచుమించు అదే తేదీకి మళ్లీ మళ్లీ పోతుంటే అనుమానించాలి. రూ.1 లేదా రూ.2 కట్ అయిన కొద్ది రోజులకే పెద్ద మొత్తం పోయిందంటే, అది ఉచిత ట్రయల్ ముగిసిన గుర్తు.

స్క్రీన్‌షాట్లలో ఒకే లావాదేవీ రెండింట్లో పడుతుంది. లావాదేవీ తెరిచి యూటీఆర్ నంబరు సరిచూస్తే రెండుసార్లు లెక్కపెట్టరు.

ఉదాహరణకు నెలకు రూ.149 పాటల యాప్ ఏడాదికి రూ.1,788. మూణ్నెల్లకు రూ.299 ఫిట్‌నెస్ యాప్ రూ.1,196. ఏడాదికోసారి రూ.1,499 ఫొటోల యాప్. మొత్తం రూ.4,483!

ఫోన్‌లో యాప్ తీసేసినంత మాత్రాన కోత ఆగదు. పేమెంట్ యాప్‌లోని ఆటోపే విభాగంలో ఆ అనుమతినే రద్దు చేయాలి. కార్డుకు ముడిపడ్డ చందాలు అక్కడ ఉండవు, వాటికి కార్డు స్టేట్‌మెంట్ చూడాల్సిందే.