ఏడాదికోసారి వచ్చేది నెలకెంత?

దుబాయ్ ఉద్యోగానికి రెండు ఆఫర్ లెటర్లు ఒకేసారి వస్తే కళ్లు ముందు నెల జీతం మీదికే పోతాయి. ఒకదాంట్లో 5,000 దిర్హమ్‌లు, రెండోదాంట్లో 5,200. రెండొందలు ఎక్కువిచ్చేదే మేలనిపిస్తుంది. నిజామాబాద్ నుంచి బయల్దేరే ఒక ఏసీ టెక్నీషియన్ చేతిలో ఈ రెండు లెటర్లూ ఉన్నాయనుకుని, ఏడాదికోసారి వచ్చేవాటిని కూడా నెల లెక్కలోకి దించి చూద్దాం.

మొదటి కంపెనీ 5,000లో బేసిక్ 3,000. మిగతాది ఇంటికీ రవాణాకీ ఇచ్చే అలవెన్సు. టికెట్టుకు ఏటా 1,200 దిర్హమ్‌లు చేతికిస్తుంది. ఏడాది చివర ఒక నెల బేసిక్ బోనసుగా ‘ఇవ్వవచ్చు’ అని రాసింది. రెండో కంపెనీ 5,200లో బేసిక్ 2,000 మాత్రమే. టికెట్టు డబ్బు అంతే గానీ రెండేళ్లకోసారి. బోనసు ఊసే లేదు.

టికెట్టు లెక్క తేలిక. 1,200ను 12తో భాగిస్తే నెలకు 100. రెండో కంపెనీలో 24తో భాగించాలి కాబట్టి 50. అయితే ముందు లెటర్ మళ్లీ చదవాలి. కొన్ని కంపెనీలు టికెట్ అలవెన్సును నెల జీతంలోనే కలిపి చూపిస్తాయి. అలాంటప్పుడు దాన్ని విడిగా కూడితే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కేసినట్టు. కంపెనీయే టికెట్ బుక్ చేసి ఇస్తే దాని విలువ మనం నిజంగా ప్రయాణించే రోజుల్లో ఉండే ఛార్జీయే. పిల్లల బడి సెలవులకు జులైలోనే రావాల్సినవాళ్లకూ, రద్దీ లేనప్పుడు వచ్చే ఒంటరివాళ్లకూ ఆ విలువ ఒకటి కాదు. ఆ ఏడు ఊరికి రాకపోతే డబ్బిస్తారో లేదో అడగాలి. ఇవ్వనంటే, రాని ఏడాది దాని విలువ సున్నా. ఏటా టికెట్టు ఇచ్చి తీరాలని యూఏఈ కార్మిక చట్టం చెప్పదు. అది కాంట్రాక్టులో ఉంటేనే హక్కు.

గ్రాట్యుటీ అలా కాదు, చట్టం ఇచ్చిన హక్కు. కనీసం ఏడాది పనిచేసిన విదేశీ ఉద్యోగికి మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజుల బేసిక్ లెక్కన రావాలి. అలవెన్సులు ఇందులోకి రావు. మొదటి కంపెనీలో 3,000ను 30తో భాగించి 21తో హెచ్చిస్తే ఏడాదికి 2,100, అంటే నెలకు 175. రెండో కంపెనీలో ఏడాదికి 1,400, నెలకు సుమారు 117. మొత్తం జీతం తక్కువున్న చోటే గ్రాట్యుటీ ఎక్కువ వచ్చింది. జీతం పెద్దగా చూపిస్తూ బేసిక్ తగ్గించే కంపెనీలకు మిగిలేది ఇక్కడే. ఆఫర్ లెటర్లో ఒక బేసిక్, కార్మిక శాఖలో నమోదయ్యే కాంట్రాక్టులో ఇంకో బేసిక్ ఉంటే సంతకానికి ముందే నిలదీయాలి.

ఇంతవరకూ కూడితే మొదటి కంపెనీ విలువ నెలకు 5,275, రెండోది 5,367. రెండొందల తేడా 92కు దిగింది.

ఇక బోనసు. కచ్చితంగా వస్తే 3,000 బేసిక్ కాబట్టి నెలకు 250. అప్పుడు మొదటి కంపెనీ 5,525తో ముందుకెళ్తుంది. కానీ ‘ఇవ్వవచ్చు’ అన్నది హామీ కాదు కాబట్టి, నేనైతే దాన్ని పూర్తిగా కలపను. ప్రశ్నను తిప్పి అడుగుతాను: ఆ 92 పూడాలంటే బోనసు ఎంత రావాలి? ఏడాదికి సుమారు 1,100 దిర్హమ్‌లు. అంటే రెండేళ్లకోసారి పూర్తి బోనసు ఇచ్చినా మొదటి కంపెనీయే మేలు, మూడేళ్లకోసారైతే కాదు. అక్కడ పనిచేస్తున్న మనవాళ్లను ‘జీతం ఎంత?’ అని కాక ‘గడిచిన మూడేళ్లలో బోనసు ఎన్నిసార్లు పడింది?’ అని అడగాలి.

లీవ్ శాలరీని చాలామంది పదమూడో నెల జీతం అనుకుంటారు. ఏడాది నిండినవాళ్లకు చట్టప్రకారం 30 రోజుల సెలవు, ఆ రోజులకూ జీతం ఉంటుంది. కానీ అది పన్నెండు నెలల జీతంలోదే. ఆ నెల పని లేకుండా డబ్బు వస్తుంది, అంతే. సెలవు రెండు కంపెనీల్లోనూ సమానమైతే దాన్ని కలపనక్కర్లేదు.

ఈ లెక్క విలువ చెబుతుంది గానీ చేతిలో డబ్బు చూపించదు. బెడ్‌స్పేస్ అద్దె, ఇంటికి పంపే డబ్బు, ఏజెంటు కోసం తెచ్చిన అప్పు వాయిదా నెలనెలా కట్టాలి. గ్రాట్యుటీ మాత్రం ఉద్యోగం వదిలాకే వస్తుంది. కాబట్టి కాగితం మీద రెండు వరసలు రాసుకోవాలి: నెలనెలా చేతికొచ్చేది ఒకటి, అన్నీ కలిపిన విలువ ఇంకొకటి. వడ్డీ మీద అప్పు తెచ్చి వెళ్లేవాడికి మొదటి ఏడాది మొదటి వరసే ముఖ్యం, అతనికి 5,200 సరైన ఎంపికే కావచ్చు. ఐదేళ్లు ఉండాలనుకునేవాడికి రెండో వరస.

ఏడాది నిండకముందే మానేస్తే గ్రాట్యుటీ రాదు. పన్నెండు నెలలయ్యాకే టికెట్టని కాంట్రాక్టులో ఉంటే అదీ పోతుంది. పదకొండో నెలలో మానేసేవాడికి ఈ రెండు ఆఫర్ల తేడా మళ్లీ ఆ రెండొందలే.