ఆరు వేల బైట్ల గుర్తుల పట్టిక

జిల్లా కేంద్రంలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ ఉందనుకుందాం. బిల్లులు, రక్తపరీక్షల రిపోర్టులు, పాత రోగుల వివరాలు అన్నీ ఒకే వర్చువల్ మెషిన్‌లో ఉన్నాయి. అంటే కళ్లకు కనిపించే కంప్యూటర్ ఒకటి, దాని లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించిన కంప్యూటర్ మరొకటి. బయటిదాన్ని హోస్ట్ అంటారు, లోపలిదాన్ని గెస్ట్ అంటారు. ఈ గెస్ట్ డిస్క్ 200 జీబీ. ల్యాబ్ రాత్రీపగలూ నడుస్తుంది కాబట్టి దాన్ని ఆపి కాపీ తీసుకునే వీలు లేదు. నడుస్తుండగానే బ్యాకప్ తీయాలి.

డిస్క్ నుంచి సెకనుకు 200 ఎంబీ చదవగలమనీ, బ్యాకప్ సర్వర్‌కు ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు 110 ఎంబీ పంపగలమనీ లెక్క వేసుకోండి. మొత్తం పంపితే దాదాపు 31 నిమిషాలు పడుతుంది. కానీ ల్యాబ్‌లో ఒక రోజులో మారేది చాలా కొంచెం. మారని భాగాన్ని మళ్లీ పంపడం దండగ కదా అని ఎవరికైనా తోస్తుంది. అయితే ఏది మారిందో తెలిసేదెలా?

ఆస్ట్రియాలోని వియన్నా కేంద్రంగా పనిచేసే ప్రాక్స్‌మాక్స్ సంస్థ 2020 నవంబరులో తన బ్యాకప్ సర్వర్ తొలి పూర్తి వెర్షన్‌ను విడుదల చేసింది. అది గెస్ట్ డిస్క్‌ను 4 ఎంబీ ముక్కలుగా చూస్తుంది. ప్రతి ముక్కకూ ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఒక వేలిముద్ర తయారవుతుంది. అదే వేలిముద్ర ఉన్న ముక్క సర్వర్ దగ్గర ముందే ఉంటే దాన్ని మళ్లీ పంపరు. ఇలా పంపే పని తగ్గిపోతుంది. కానీ వేలిముద్ర తీయాలంటే ముక్కను చదవాలి. ఏమీ మారకపోయినా 200 జీబీ చదివి తీరాలి, దానికే 17 నిమిషాలు. ఒకే డిస్క్ మీద ఇలాంటి గెస్ట్‌లు పది ఉంటే దాదాపు మూడు గంటలు. అంతసేపూ డిస్క్ బ్యాకప్‌కూ, రిపోర్టు కోసం ఎదురుచూసే రోగికీ మధ్య నలుగుతూనే ఉంటుంది. బ్యాకప్ ఆలస్యం అనగానే అందరూ నెట్‌వర్క్‌ను అనుమానిస్తారు. నా అనుభవంలో రెండో రోజు నుంచి సమయాన్ని తినేది చదవడమే.

ఆ చదువును తప్పించేదే మారిన బ్లాకుల లెక్క. గుమస్తా ప్రతి రాత్రీ ఖాతా పుస్తకంలోని 51,200 పేజీలనూ తిరగేసి నిన్నటి నకలుతో పోల్చుకోనక్కరలేదు. పగలు ఏ పేజీ మీద కలం పడితే ఆ పేజీ నంబరుకు ఎదురుగా ఒక టిక్కు పెట్టుకుంటే చాలు, రాత్రికి టిక్కు ఉన్నవే తీస్తాడు. గెస్ట్ రాసే ప్రతి మాటా హోస్ట్ మీద నడిచే క్యూఎము అనే ప్రోగ్రామ్ గుండానే డిస్క్‌కు చేరుతుంది కాబట్టి ఆ టిక్కు పెట్టే పని దానిది. ఆ పట్టికను డర్టీ బిట్‌మ్యాప్ అంటారు. 200 జీబీని 4 ఎంబీలతో భాగిస్తే 51,200 ముక్కలు, ముక్కకు ఒక బిట్ చొప్పున 6,400 బైట్లు. ఒక ఫోన్ ఫొటోలో వందో వంతు కూడా కాదు.

ఆ రోజు 700 ముక్కల మీద టిక్కు పడిందనుకుందాం. రాత్రి బ్యాకప్ చదివేది 2.7 జీబీయే. అర నిమిషం లోపే ముగుస్తుంది. లాగ్‌లో ఈ వరుస కనిపిస్తుంది:

```
scsi0: dirty-bitmap status: OK (2.7 GiB of 200.0 GiB dirty)
```

పంపింది కొంచెమే అయినా, సర్వర్ దగ్గర తయారయ్యే సూచికలో 51,200 ముక్కల పేర్లూ ఉంటాయి. కాబట్టి తిరిగి తెచ్చుకునేటప్పుడు సోమవారం పూర్తి కాపీ మీద మంగళవారం మార్పులు, దాని మీద బుధవారం మార్పులు అని గొలుసు కట్టనక్కరలేదు. ఏ రోజు బ్యాకప్ అయినా దానికదే సంపూర్ణం.

గెస్ట్ నడుస్తుండగా తీసిన కాపీ ఒకే క్షణానిది ఎలా అవుతుందన్న సందేహం రావాలి. మొదట గెస్ట్‌లోని ఏజెంట్‌కు ఆదేశం వెళ్తుంది. అది ఫైల్ సిస్టమ్‌ను కాసేపు నిలిపి, మెమరీలో ఉన్నదాన్ని డిస్క్ మీదకు దించుతుంది. బ్యాకప్ మొదలవగానే గెస్ట్ మళ్లీ రాసుకోవచ్చు. అయితే ఇంకా కాపీ కాని ముక్క మీద గెస్ట్ రాయబోతే, ముందు పాత ముక్క సర్వర్‌కు వెళ్లాలి, ఆ తర్వాతే కొత్త రాత. బ్యాకప్ సర్వర్ నెమ్మదైతే ల్యాబ్‌లో స్క్రీన్ బిగుసుకుపోయేది ఇక్కడే. పాత ముక్కను తాత్కాలికంగా దగ్గరలోని వేగమైన డిస్క్ మీద పెట్టే వెసులుబాటు 2024లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.2లో చేరింది. టిక్కుల పట్టిక ఉంటే ఈ నిరీక్షణ ఆ 700 ముక్కలకే పరిమితం.

టిక్కు చెప్పేది కలం పడిందనే, ఎంత రాశారన్నది కాదు. డేటాబేస్ 700 చోట్ల తలా 4 కేబీ రాస్తే నిజంగా మారింది 3 ఎంబీ కూడా ఉండదు, చదవాల్సింది మాత్రం 2.7 జీబీ. గెస్ట్ లోపల ఎవరైనా డీఫ్రాగ్ నడిపితే డిస్క్‌లో చాలా భాగం టిక్కులతో నిండిపోతుంది, ఆ రాత్రి లాభం పోతుంది.

పైగా ఆ పట్టిక క్యూఎము మెమరీలోనే ఉంటుంది. గెస్ట్ లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే పోదు. గెస్ట్‌ను పూర్తిగా ఆపితే, హోస్ట్‌ను రీబూట్ చేస్తే పోతుంది. అప్పుడు లాగ్‌లో `created new` అని ఉంటుంది, 200 జీబీ చదవక తప్పదు. హోస్ట్ అప్‌డేట్ చేసిన రాత్రి బ్యాకప్ సాగదీస్తే కంగారు పడనవసరం లేదు. ప్రతి రాత్రీ అదే మాట కనిపిస్తుంటే మాత్రం ఎవరో గెస్ట్‌ను రోజూ ఆపుతున్నారన్నమాట.

నాకు అసలు భయం మరొకటుంది. పట్టికే తప్పు చెబితే? వీఎంవేర్ 2009లో వీస్ఫియర్ 4తో ఇలాంటి లెక్కనే తెచ్చింది. ఆ పట్టిక డిస్క్ పక్కనే `-ctk.vmdk` ఫైల్‌లో ఉంటుంది కాబట్టి మెషిన్ ఆపినా పోదు. కానీ డిస్క్‌ను 128 జీబీ దాటించి పెంచితే మారిన బ్లాకుల జాబితా తప్పుగా వచ్చే లోపం 2014లో బయటపడింది. జాబితాలో లేని బ్లాకు కాపీ కాదు. బ్యాకప్ మాత్రం సక్రమంగా పూర్తయినట్టే చూపిస్తుంది. ఆ లెక్కను ఆపి మళ్లీ మొదలుపెట్టి, పూర్తి బ్యాకప్ తీసుకోవాల్సి వచ్చింది.

ప్రాక్స్‌మాక్స్‌లోని వెరిఫై పని కూడా సర్వర్‌లో దాచిన ముక్కలు చెడిపోలేదనే చెబుతుంది. తీయాల్సిన ముక్కను అసలు తీశారా అన్నది దానికి తెలియదు. అందుకే నెలకోసారి వీలైన వేళ గెస్ట్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయడం మంచిదంటాను. ఆ రాత్రి అన్ని ముక్కల వేలిముద్రలూ మళ్లీ సరిచూసుకుంటారు. ఖర్చు 17 నిమిషాలు, సర్వర్‌లో అదనపు చోటు దాదాపు పట్టదు.

మీ సంస్థ సర్వర్ ఎవరి చేతిలో ఉన్నా, నిన్నటి బ్యాకప్‌ను ఒక కొత్త గెస్ట్‌గా, నెట్‌వర్క్ తీసేసి, ఈ వారంలోనే ఒకసారి తెరిపించండి. అందులో నిన్నటి చివరి బిల్లు ఉందో లేదో మీ కళ్లతో చూడండి.