పాటలో లేని తూర్పు కొండ: పల్నాటి కథ కాగితం మీదకు వచ్చినప్పుడు

పల్నాటి వీరుల కథ మనకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి గొంతుల్లో. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు జరిగే వీరుల తిరునాళ్ళలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరవిద్యవంతులు ఆ రోజుకు తగిన ఘట్టం ఎత్తుకుని పాడతారు. కథ మొదలు నుంచి చివరిదాకా వరసగా పాడాలన్న నియమమేమీ లేదు. వినేవాళ్ళకు కథ ముందే తెలుసు.

రెండో దారి పుస్తకం. 15వ శతాబ్దపు శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అందులో ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధమే ఉంది. పుస్తకంతోనే కథ తెలుసుకున్నవాళ్ళకు ఆ ముక్కే మొత్తం కథ అయింది.

భాషలో ఏం మారిందో చూపడానికి నేనే ఒక వాక్యం అల్లుతాను. ఇది ఏ పాటలోదీ కాదు. మా హోసూరు వైపు గాయకుడు ఇలా పాడాడనుకోండి: "కోడి కూసిండాదయ్యా, కోడి కూసిండాది". 'అయ్యా' దరువు నిండడానికి వచ్చింది. రెండోసారి అనేలోపు గాయకుడు తర్వాతి మాట వెతుక్కుంటాడు, వంతవాళ్ళు అందుకుంటారు.

దీన్నే ద్విపదలో రాయాలంటే పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కావాలి. మూడో గణం మొదటి అక్షరానికి, పాదం మొదటి అక్షరానికి యతి కుదరాలి. అప్పుడు ఇలా అవుతుంది: "కోడి కూసెను తూర్పు కొండపైనుండి".

చూశారా? 'కో'కి యతి కోసం 'కొండ' వచ్చింది, గణం నింపడానికి 'తూర్పు' వచ్చింది. పాటలో కొండే లేదు! మా 'కూసిండాది' పోయి 'కూసెను' అయింది. గాయకుడు ఏ ఊరివాడో చెప్పే గుర్తు అదొక్కటే. రేపు ఎవరో ఆ కొండ ఎక్కడుందని వెతుకుతారు.

అలాగని రాయొద్దని అనను. రాయకుంటే గాయకుడితోపాటే పాట పోతుంది. జీన్ రోగైర్ అనే అమెరికన్ పండితుడు అలిసెట్టి గాలెయ్య పాడిన కథ ఆధారంగా 1982లో ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. ఒక గాయకుడి పేరు ఆ కథతోపాటు నిలిచింది. అయితే ఆ పుస్తకం ఒక గాయకుడి కథ, మరో గాయకుడి కథ దానికి తప్పు కాదు.

అందుకే మన ఇళ్ళలో పాటలు రాసుకునేవాళ్ళకు నా మాట ఇది. ముందు రికార్డు చేయండి. తర్వాత విన్నది విన్నట్టే, 'అయ్యా'తో, రెండుసార్లు అన్నదానితో, 'ఉండాది'తో సహా రాయండి. అర్థం, సవరణ పక్క పేజీలో పెట్టండి. పాడినవాళ్ళ ఊరు, ఏ సందర్భంలో పాడారు, తేదీ పైన వేయండి. సవరించిన పేజీ నుంచి పాత మాటను మళ్ళీ రాబట్టలేము.