చాయ్ గ్లాసు పట్టుకున్న చేయి: ఏఐ బొమ్మలో వేళ్లు ఎందుకు కలిసిపోతాయి, ఎలా సరిచేయాలి

మా పినపాక మండలంలో ఏడూళ్ల బయ్యారం క్రాస్ రోడ్డు దగ్గర ఒక చాయ్ కొట్టుకి ఫ్లెక్స్ చేయాలనుకుందాం. బొమ్మ ఏఐతో తీస్తాం. ఒక పెద్దాయన నవ్వుతూ చాయ్ గ్లాసు పట్టుకుని ఉంటాడు. ఫోన్‌లో చూస్తే సూపర్. కానీ బొమ్మ వెడల్పులో చేయి ఎనిమిదో వంతు ఉందనుకోండి, నాలుగడుగుల ఫ్లెక్స్ మీద ఆ చేయి అర అడుగు అవుతుంది. ఆరో వేలు ఉంటే రోడ్డు అవతల నుంచి కూడా కనిపిస్తుంది. చాయ్ సంగతి పక్కకు పోయి జనం వేళ్లు లెక్కపెడతారు.

ఎందుకిలా వస్తుంది? స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 తీసుకోండి. అది బొమ్మని నేరుగా పిక్సెల్స్‌లో గీయదు. ఎనిమిది పిక్సెల్స్ పొడవు, ఎనిమిది వెడల్పు ఉన్న ముక్కని ఒక గడిగా కుదించి, ఆ గడుల మీద పని చేస్తుంది. 512 పిక్సెల్స్ వెడల్పు బొమ్మలో మన పెద్దాయన చేయి 64 పిక్సెల్స్. అంటే ఎనిమిదే గడులు. నాలుగు వేళ్లు, మధ్య సందులు, గ్లాసు అంచు అన్నీ అందులోనే సర్దుకోవాలి. అందుకే వేళ్లు ముద్దైపోతాయి. తర్వాత అప్‌స్కేల్ చేసినా తప్పు వేలే ఇంకా షార్ప్‌గా వస్తుంది, అంతే.

రెండో కారణం పట్టు. కప్పు అని రాస్తే చెవి ఉన్న కాఫీ మగ్గు రావడమే ఎక్కువ. మన చాయ్ గ్లాసుకి చెవి ఉండదు, పైగా కాలుతుంది. అందుకే పిడికిలితో కాదు, అంచు దగ్గర బొటనవేలు, రెండు వేళ్లతో పట్టుకుంటాం. ఆ పట్టు మాటల్లో చెప్పాలి:

```
small clear tea glass, no handle,
held near the rim between thumb
and first two fingers
```

మాటలు సగం పనే చేస్తాయి. మిగతా సగానికి మీ చేతినే ఫోటో తీయండి. నిజంగా వేడి చాయ్ పోసుకుని పట్టుకోండి, చల్లటి గ్లాసైతే వేళ్లు వేరేలా కూర్చుంటాయి. బొమ్మలో వెలుగు ఎడమ నుంచి వస్తుంటే మీరూ కిటికీ ఎడమవైపు ఉండేలా నిలబడండి. వెనక కెమెరా వాడండి. చాలా ఫోన్లలో సెల్ఫీ తిరగేసి సేవ్ అవుతుంది, కుడి చేయి ఎడమ చేయి అయిపోతుంది. ఇప్పుడు చేయి, గ్లాసు కలిపి కట్ చేసి బొమ్మలో పెద్దాయన చేయి మీద పేస్ట్ చేయండి. అతికించినట్టే ఉంటుంది, పర్లేదు.

ఇక ఇన్‌పెయింట్. మాస్క్ అంటే మార్చాల్సిన చోట వేసే రంగు. చాలామంది వేళ్ల మీద మాత్రమే వేస్తారు. అప్పుడు గ్లాసు కదలదు, వేళ్లు దాని చుట్టూ తిరగలేక అందులోకి కరిగిపోతాయి. మణికట్టు నుంచి గ్లాసు మొత్తం వరకు వేయండి. AUTOMATIC1111లో `Inpaint area` దగ్గర `Only masked` పెడితే ఆ భాగాన్నే కత్తిరించి, పెద్దది చేసి, గీసి, తిరిగి అదే చోట పెడుతుంది. కత్తిరించిన ముక్క 160 పిక్సెల్స్ అయితే 512కి సాగుతుంది. ఎనిమిది గడుల చేయికి ఇప్పుడు పాతిక గడులు దొరికాయి. వేలుకి వేలు విడిగా రావడానికి చోటు వచ్చింది.

`Denoising strength` 0.4 దగ్గర మొదలుపెట్టండి. 0.2 అయితే అతుకు గీత అలాగే ఉండిపోతుంది. 0.75 అయితే మీ చేతిని పక్కన పడేసి మళ్లీ సొంతంగా గీస్తుంది, కథ మొదటికే. నాలుగైదు సార్లు తీసి, మంచిది ఏరుకోండి.

కంప్యూటర్ లేదంటారా? బ్రష్‌తో సెలెక్ట్ చేసి ఎడిట్ చేసే ఏ ఫోన్ యాప్ అయినా చాలు. చేయి ఉన్న చోటు చదరంగా క్రాప్ చేసి, దాన్నే సరిచేసి, తిరిగి అతికించండి. లాజిక్ అదే.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి వేళ్లు లెక్కపెడితే సరిపోదు. ఐదూ ఉండి తప్పైన చేతులు బోలెడు. మనవైపు తిరిగిన మనిషి కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటే మనకి ముందు రెండు వేళ్లు కనిపిస్తాయి, బొటనవేలు అవతలివైపు ఉంటుంది. చాయ్ పైన ఖాళీ గాజులోంచి అది మసగ్గా కనిపించాలి. రెండువైపుల వేళ్లూ ముందే కనిపిస్తే అది పట్టు కాదు, అతికించడం. ఇంకోటి, వేలు తగిలిన చోట సన్నటి నీడ ఉండాలి. అది లేకపోతే గ్లాసు గాల్లో తేలినట్టే.

ఫోన్ పట్టుకున్న చేయి కొంచెం ఈజీ, ఒక అంచున బొటనవేలు, ఇంకో అంచున వేళ్ల కొసలు వస్తే చాలు. కొత్త మోడల్స్ దాన్ని చాలాసార్లు బాగానే గీస్తున్నాయి. పెన్ను మాత్రం సన్నది, మధ్యవేలు మీద ఆనాల్సింది పోయి వేలులోంచి దూసుకెళ్తుంది. దానికి మాస్క్ వేసే పద్ధతే వేరు, వచ్చే ఎపిసోడ్‌లో అదొక్కటే చేద్దాం.